డివైడర్ దాకా ఒక రోడ్డు, ఆ తర్వాత ఇంకో రోడ్డు

శ్రోతలకు నమస్కారం. కొత్త ఊళ్లో బజారులో నడవడం, హైవే దాటడం గురించి ఈ రోజు చెబుతాను.

కొన్నేళ్ల క్రితం మాఘమాసంలో ఒక పెళ్లికి మా పిన్నిని వెంటబెట్టుకుని రావులపాలెం వెళ్లాను. గౌతమి పాయ మీది వంతెన దాటి కోనసీమలోకి అడుగు పెడితే ముందుగా తగిలే పెద్ద ఊరు అది. అరటి గెలల మార్కెట్టుకు పేరు. కోల్‌కతా నుంచి చెన్నై వెళ్లే జాతీయ రహదారి దాన్ని ఆనుకునే పోతుంది. ఆ రోడ్డుకు ఇప్పుడు 16వ నంబరు వచ్చింది గానీ పెద్దవాళ్లు ఇంకా ఐదో నంబరు రోడ్డనే అంటారు. మేము బస్సు దిగింది ఒక వైపు, పెళ్లి హాలు ఉన్నది హైవేకి అవతల. పిన్నికి అప్పటికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. నా చేతిలో బట్టల సంచి, ఆమె చేతిలో ఒక చక్కెరకేళి హస్తం. ఇద్దరికీ ఆ ఊరు కొత్తే.

ముందు బజారు సంగతి చెబుతాను. ఫుట్‌పాత్ అనేది లేదు. మురుగు కాలువ మీద పరిచిన రాతి పలకలే నడిచే దారి. ఆ పలకల మీదికి దుకాణాల సామాను వచ్చింది, దాని ముందు మోటారు సైకిళ్లు నిలిపారు, వాటి ముందు తోపుడు బండ్లు. ఇక మనిషికి మిగిలింది తారు రోడ్డు అంచే. ఇలాంటి చోట నేను కుడి పక్కన నడుస్తాను. మన దేశంలో బండ్లు ఎడమ పక్కన పోతాయి కాబట్టి కుడి అంచున నడిచేవారికి ఆ అంచు వెంట వచ్చే బండ్లు ఎదురుగా కనిపిస్తాయి. ఎడమ అంచున నడిస్తే వీపు వెనకాల వస్తాయి. కొత్త ఊళ్లో బోర్డులు చదువుకుంటూ నడిచే మనిషికి ఈ తేడా చాలా పెద్దది. కుడి పక్కన కాలువ మీద పలక లేచిపోయి ఉంటే మాత్రం పట్టుదలకు పోకుండా అవతలి పక్కకు మారాలి.

సరుకు దింపుతున్న ట్రాలీ ఆటో అడ్డం వచ్చినప్పుడు దాన్ని చుట్టి నడి రోడ్డులోకి వెళ్లక తప్పదు. ఆ చుట్టే చోటే ప్రమాదం. బండి మూల దగ్గర ఒక్క క్షణం ఆగి, తల మాత్రం ముందుకు చాచి చూసి, అప్పుడు కాలు కదపాలి. ఇంకొకటి, ఆటో ఎటు తిరుగుతుందో తెలుసుకోవడానికి డ్రైవరు ముఖం చూస్తే లాభం లేదు. అతని ముఖం మన వైపే ఉన్నా కళ్లు మన వెనక నిలబడ్డ ప్రయాణికుల మీద ఉండవచ్చు. ముందు చక్రం చూడండి. అది తిరిగిన వైపే బండి వస్తుంది. బస్సు సంగతి వేరు. కూడలిలో బస్సు ఎడమకు తిరిగేటప్పుడు ముందు భాగం మనకు దూరంగానే పోతుంది గానీ, వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ మూల దగ్గరకు వస్తాయి. బస్సు దాటిపోయిందనుకుని మూల మీద నిలబడ్డవాళ్ల కాళ్ల మీదికి వచ్చేది ఆ వెనక చక్రమే. పిన్నిని నేను రెండు సార్లు మూల నుంచి వెనక్కి లాగాను.

అలా హైవే ఒడ్డుకు చేరాం. ఒక్కో వైపు రెండు వరుసల రోడ్డు, మధ్యలో డివైడర్, డివైడర్ నిండా గన్నేరు పొదలు. ఎదుటి బండ్ల లైట్లు కళ్లలో పడకుండా వేసే మొక్కలు అవి. ఒకదాని వెనక ఒకటి లారీలు, వాటిని దాటుకుంటూ కార్లు. పది నిమిషాలు నిలబడ్డాం. ఖాళీ దొరికినట్టే ఉంటుంది, అడుగు వేయబోయేసరికి కారు మీదికి వచ్చేస్తుంది.

మా పక్కన సైకిలుకు రెండు గెలలు కట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. మా తంటాలు చూసి, "అమ్మా, బండిని చూస్తే తెలియదు. ఆ బోర్డును చూడండి" అన్నాడు. రోడ్డు వెంట బాగా దూరంగా ఒక ఎరువుల కంపెనీ బోర్డు ఉంది. "ఆ బోర్డుకూ మనకూ మధ్య బండి ఉంటే నేను కదలను. లేదంటే సైకిలు దించుతాను. రోజూ అంతే" అన్నాడు.

ఆ మాటలో ఎంత లెక్క ఉందో ఇంటికి వచ్చాక కూర్చుని వేసుకున్నాను. మనకు ఎదురుగా వచ్చే వస్తువు వేగం కంటికి నేరుగా తెలియదు. అది పెద్దదవుతున్న తీరును బట్టి మనసు ఊహిస్తుంది. దూరంగా ఉన్నప్పుడు ఆ పెరుగుదల కంటికి ఆననంత తక్కువ, అందుకే కారు నిలబడ్డట్టే అనిపిస్తుంది. ఉన్నట్టుండి పెద్దదైపోయే సమయానికి అది మన దగ్గరికి వచ్చేసి ఉంటుంది. మోటారు సైకిలు సన్నగా ఉంటుంది కాబట్టి ఉన్నదానికన్నా దూరంగా ఉన్నట్టు భ్రమ పెడుతుంది. కంటికి చేతకాని ఈ పనిని బోర్డు చేస్తుంది.

లెక్క ఇదీ. ఒక వరుస వెడల్పు మూడున్నర మీటర్లు. రెండు వరుసలు ఏడు మీటర్లు. పక్కన తారు వేసిన అంచు మరో మీటరున్నర. మొత్తం ఎనిమిదిన్నర మీటర్లు. మామూలు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని రోడ్లు వేసే ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు. అంటే ఏడు సెకన్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 28 మీటర్లు పోతుంది, ఏడు సెకన్లలో దాదాపు 200 మీటర్లు. హైవే పక్కన కిలోమీటరు రాళ్ల మధ్య 2, 4, 6, 8 అని అంకెలు వేసిన చిన్న రాళ్లు ఉంటాయి, చూసే ఉంటారు. ఒక్కో రాయికీ మధ్య దూరం 200 మీటర్లు. అంత దూరాన ఉన్న కారు మనం రోడ్డు దాటేసరికి మన దగ్గర ఉంటుందన్నమాట. పిన్ని నడక నాకన్నా నెమ్మది. ఆమెకు 11 సెకన్లు పడుతుంది. కారు అంతలో 300 మీటర్లు వచ్చేస్తుంది.

మీకు మీటర్లు అక్కర లేదు, సెకన్లు చాలు. మీ వీధిలోనో మేడ మీదనో ఎనిమిదిన్నర మీటర్లు కొలుచుకుని, చేతిలో సంచితో నడిచి చూడండి. నూటొకటి, నూటరెండు, నూటమూడు అని నిదానంగా అనుకుంటూ నడిస్తే ఒక్కో మాటకూ సుమారు ఒక సెకను. ఏడు వచ్చిందో పదకొండు వచ్చిందో గుర్తు పెట్టుకోండి. రోడ్డు దగ్గర నిలబడ్డాక దూరంగా ఒక బోర్డో చెట్టో స్తంభమో ఎంచుకుని, ఒక వేగమైన కారు అక్కడ నుంచి మీ ఎదుటికి రావడానికి ఎన్ని లెక్కలు పట్టిందో చూడండి. లారీని పట్టుకుని లెక్కించకండి, నెమ్మదిగా వచ్చే లారీ మిమ్మల్ని మోసం చేస్తుంది. మూడు నాలుగు కార్లు చూసి, తక్కువ వచ్చిన లెక్కనే తీసుకోండి. మీ నడకకు ఏడు సెకన్లయితే ఆ గుర్తు పదకొండు సెకన్ల దూరంలో ఉండాలి. ఒకటిన్నర రెట్లు. ఆ అదనం చెప్పు జారడానికి, సంచి బరువుకు, వచ్చే కారు మీరు లెక్కించినవాటికన్నా వేగంగా ఉండడానికి.

మేము ఆ బోర్డు నుంచి లెక్కించాం. కారు 12 లెక్కల్లో వచ్చింది. నాకు సరిపోతుంది, ఆ పెద్దాయనకు సరిపోతుంది. పిన్నికి 17 కావాలి. బోర్డు వెనక రోడ్డు మలుపు తిరిగింది, అంతకన్నా దూరం కనపడదు. అంటే ఆ చోటు పిన్ని దాటే చోటు కాదు. ఈ మాట నేను గట్టిగా చెబుతున్నాను. ఎంత సేపు ఆగినా, ఎంత జాగ్రత్త పడినా, చూపు ఆనని చోట నెమ్మదిగా నడిచేవారు దాటకూడదు. "పద, పరుగెత్తుదాం" అని పెద్దవాళ్ల చేయి పట్టి లాగడం అన్నిటికన్నా చెడ్డ పని. సగం రోడ్డులో వాళ్లు ఆగిపోతారు.

పెద్దాయనను అడిగితే, వెనక్కి కాస్త దూరం నడిస్తే రోడ్డు తిన్నగా ఉన్న చోటు వస్తుందని, పిల్లల్ని తీసుకువెళ్లేవాళ్లు అక్కడే దాటుతారని చెప్పాడు. అక్కడికి నడిచాం. లెక్కిస్తే 18 వచ్చింది.

దాటేటప్పుడు హైవేను ఒక రోడ్డుగా అనుకోకండి. డివైడర్ దాకా ఒక రోడ్డు, అక్కడ నిలబడి ఊపిరి పీల్చుకున్నాక ఇంకో రోడ్డు. మొదటి సగంలో బండ్లు కుడి నుంచి వస్తాయి, రెండో సగంలో ఎడమ నుంచి. ఇంకో విషయం, ఊళ్ల దగ్గర యూ టర్న్ దాకా వెళ్లే ఓపిక లేక అంచు వెంట ఎదురు వచ్చే మోటారు సైకిళ్లు తప్పకుండా ఉంటాయి. కాబట్టి కాలు కదిపే ముందు రెండో వైపు కూడా ఒక చూపు.

డివైడర్ మీద పొద చాటున నిలబడవద్దు. గన్నేరు కొమ్మల్లోంచి ఉన్నట్టుండి దిగిన మనిషిని ఏ డ్రైవరూ తప్పించలేడు. 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి, డ్రైవరు చూసి బ్రేకు వేసి ఆగేదాకా 120 మీటర్లు కావాలని రోడ్డు లెక్కలు చెబుతాయి. పొద లేని ఖాళీలో, సంచి కాలికి ఆనించుకుని, వచ్చే బండ్లకు కనపడేలా నిలబడాలి.

రెండో సగంలో మా కోసం ఒక లారీ ఆగింది. డ్రైవరు మంచివాడు, చెయ్యి ఊపి వెళ్లమన్నాడు. పిన్ని సంతోషంగా కదిలింది. నేను ఆమె భుజం పట్టి లారీ ముందే ఆపాను. లారీ అవతలి అంచు దాకా వెళ్లి, మెడ చాచి చూశాను. అవతలి వరుసలో ఒక తెల్లని కారు ఆగకుండా దూసుకుపోయింది. దాని గాలికి పిన్ని చీర కొంగు ఎగిరింది. ఆ కారు నడిపే మనిషికి లారీ ఎందుకు ఆగిందో తెలియదు, మేము కనపడలేదు. ఒక బండి ఆగితే ఆ ఒక్క బండి సంగతే తేలింది. పక్క వరుస సంగతి మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. జీబ్రా గీతలున్న చోటైనా సరే.

పెళ్లి ముగిసేసరికి రాత్రి తొమ్మిదిన్నర. చీకట్లో గుర్తు బోర్డు కనపడదు. ఒంటి దీపం కనిపిస్తే అది మోటారు సైకిలో, ఒక లైటు పోయిన లారీయో చెప్పలేం. పిన్ని కట్టుకున్నది ముదురు వంకాయ రంగు చీర, తగ్గించిన లైట్లలో కొన్ని పదుల మీటర్ల దగ్గరకు వచ్చేదాకా అది డ్రైవరు కంట పడదు. పొద్దున లెక్క ఆ రాత్రి చెల్లదు. హాలు ముందున్న ఆటోను పిలిచాం. అతను సర్వీసు రోడ్డు మీదుగా అండర్‌పాస్ దాకా వెళ్లి, దాని కింద నుంచి తిప్పి బస్సు ఎక్కే చోట దించాడు. రోడ్డు వెడల్పు దూరానికి యాభై రూపాయలు తీసుకున్నాడు. పిన్ని బేరం ఆడకుండా ఇచ్చింది.