స్టాంపింగ్‌కి ముందు పాత పోస్టులు: ఏం తీసేశాను, ఏం ఉంచాను

హాయ్ అందరికీ! ఈ రోజు వ్లాగ్‌లో వంటా లేదు, షాపింగూ లేదు. పొద్దున్నుంచి నేనూ మా ఆయనా ఎదురెదురుగా రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని, పదేళ్ళ కిందట మేం రాసుకున్న పిచ్చి రాతలు చదువుకుంటున్నాం. వీసా స్టాంపింగ్‌కి వెళ్ళాలి. ఆయనది ఉద్యోగం మీద ఇచ్చే హెచ్‌-1బి, నాది హెచ్‌-4.

సంగతి తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. అమెరికా వీసాకి నింపే డీఎస్‌-160 ఫారంలో, గత 5 ఏళ్ళలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు రాయమని 2019 మే నెలాఖరు నుంచే అడుగుతున్నారు. పాస్‌వర్డ్‌లు అడగరు, యూజర్‌నేమ్‌లు మాత్రమే. 2025 జూన్‌లో స్టూడెంట్ వీసాల వాళ్ళని ప్రొఫైల్స్ పబ్లిక్‌లో పెట్టమన్నారు. 2025 డిసెంబర్ 15 నుంచి అదే మాట హెచ్‌-1బి వాళ్ళకీ, వాళ్ళ మీద ఆధారపడి వచ్చే హెచ్‌-4 వాళ్ళకీ వర్తిస్తోంది. అంటే ఇన్నాళ్ళూ తాళం వేసి పెట్టుకున్న గది తలుపు మనమే తీసి పెట్టాలి.

మా ఆయనకి తట్టిన మొదటి ఐడియా ఏంటంటే, అన్ని ఖాతాలూ డిలీట్ చేసేసి, ఫారంలో ఏమీ లేవని రాసేద్దామని. "పీడా పోతుంది" అన్నారు. పీడ పోదు, అసలు పీడ అక్కడే మొదలవుతుంది. ఫారం అడిగేది ఇప్పుడు ఉన్న ఖాతాల గురించి కాదు, 5 ఏళ్ళలో వాడినవాటి గురించి. నిన్న డిలీట్ చేసిన ఖాతా కూడా ఆ లెక్కలోకి వస్తుంది. పాత పోస్టు ఒకటి చెత్తగా ఉంటే మహా అయితే దాని గురించి ఒక ప్రశ్న అడుగుతారు. ఖాతా ఉందన్న సంగతి కావాలని దాచారని తేలితే మాత్రం అది ఫారంలో అబద్ధం చెప్పడమే. అది ఈ ఒక్క వీసాతో పోదు, ముందు ముందు పెట్టే వీసాలకీ అడ్డం పడుతుంది. కాబట్టి పోస్టు తీసెయ్యడం వేరు, ఖాతాని దాచడం వేరు. ఈ తేడా చెప్పేసరికి ఆయన ల్యాప్‌టాప్ మళ్ళీ తెరిచారు.

సరే, ఎన్ని ఖాతాలున్నాయో గుర్తుండాలి కదా! నేను ఫేస్‌బుక్, ఇన్‌స్టా, లింక్డ్‌ఇన్, ఈ యూట్యూబ్ ఛానల్, నాలుగే అనుకున్నాను. అప్పుడు మెయిల్ తెరిచి confirm your email అని వెతికాను. పింటరెస్ట్ బయటపడింది, రెడిట్ బయటపడింది. కాలేజీ రోజుల్లో తెరిచిన ట్విట్టర్ ఖాతా కూడా బయటపడింది. దాన్ని ఎప్పుడో వదిలేశాననే అనుకున్నాను, కానీ 2022లో ఒకరోజు లాగిన్ అయ్యి, ఫ్లైట్ ఆలస్యం గురించి ఒక ట్వీట్ పెట్టి మర్చిపోయాను. ఆ ఒక్క ట్వీట్‌తో అది 5 ఏళ్ళ లోపలి ఖాతా అయిపోయింది. ఈ సైట్లన్నీ ఫారంలో ఎంచుకోమనే జాబితాలో పేర్లతో సహా ఉన్నాయి. పింటరెస్ట్‌లో నేను దాచుకున్నవన్నీ కర్టెన్ల బొమ్మలే, అయినా రాశాను.

ఇక అసలు పని. ముట్టుకునే ముందు ప్రతి ఖాతా నుంచి డేటా కాపీ దించుకున్నాను. ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో, ఎక్స్‌లో అడిగితే ఫైల్ తయారుచేసి ఇస్తారు, కానీ అడిగిన వెంటనే రాదు, ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. దీనికి రెండు లాభాలు. పాప పుట్టినప్పటి ఫొటోలు పొరపాటున పోవు. రేపు ఎవరైనా ఏదైనా అడిగితే అప్పుడు ఏం రాశానో నా దగ్గర ఉంటుంది.

నేను భయపడింది రాజకీయాల పోస్టుల గురించి. తీరా చూస్తే వాటిలో పెద్దగా ఏమీ లేదు. నన్ను నిజంగా ఆపేసింది ఒక కామెంట్. 2014లో మా కజిన్ డాన్స్ వీడియో కింద రాశాను: "చంపేశావ్ కదరా! స్టేజీ మొత్తం తగలబెట్టేశావ్!" మనకి అది మెచ్చుకోలు. సరదాకి దాని కిందున్న See translation నొక్కాను. "నువ్వు చంపేశావు, స్టేజీ అంతా కాల్చేశావు" అన్న అర్థంలో ఇంగ్లీషు వచ్చింది. చల్లబడిపోయాను. తెలుగు రాని మనిషి చూస్తే అక్కడ డాన్స్ కనపడదు, నిప్పు కనపడుతుంది.

అప్పటి నుంచి నా లిస్టే మారిపోయింది. తెలుగువాళ్ళం రోజూ ఎన్ని హత్యలు చేస్తామో ఇప్పుడే తెలిసింది! "ఈ సారి రాకపోతే నరికేస్తా", "బాంబు పేల్చావుగా", "బ్యాట్‌తో కుమ్మేశాడు". ఇంతకీ ఇవి నా గోడ మీద లేవు, వేరేవాళ్ళ పోస్టుల కింద ఉన్నాయి. మన ప్రొఫైల్ ఎంత ప్రైవేట్‌లో ఉన్నా, ఎదుటివాళ్ళ పోస్టు పబ్లిక్‌లో ఉంటే దాని కింద మన కామెంట్ కూడా పబ్లికే. వాటిని చూడాలంటే ఫేస్‌బుక్‌లో Activity log లోకి వెళ్ళి కామెంట్ల దగ్గర ఏడాది ఎంచుకుంటూ పోవాలి. ఓపిక కావాలి, కానీ అక్కడే ఒక్కొక్కటిగా తీసెయ్యొచ్చు. ఆ హత్యలన్నీ తీసేశాను. ఫ్లైట్ ఆలస్యం ట్వీట్ కూడా తీసేశాను, ఎందుకంటే అందులో కోపంలో ఎయిర్‌పోర్టుని ఏం చేసెయ్యాలో రాశాను. మాటలే, కానీ విమానాశ్రయం పక్కన ఆ క్రియాపదం ఉండకూడదు.

రెండో రకం తీసివేతలు వీసా ఆఫీసర్ కోసం కాదు, మా కోసం. పబ్లిక్‌లో పెడితే చూసేది ఆయనొక్కడే కాదు కదా, ఊళ్ళో వాళ్ళందరూ చూస్తారు. ఇంటి నంబర్ కనపడే గృహప్రవేశం ఫొటో, పాప స్కూల్ పేరున్న టీషర్టు, బార్‌కోడ్ కనపడేలా పట్టుకుని దిగిన బోర్డింగ్ పాస్. ఇలాంటివి డిలీట్ చెయ్యకుండా ఆర్కైవ్‌లోకి పంపాను, అక్కడైతే నాకొక్కదానికే కనపడతాయి. డిలీట్ చేస్తే ఫేస్‌బుక్‌లో ట్రాష్‌లోకి వెళ్ళి 30 రోజులు ఉండి పోతాయి. ఇన్‌స్టాలో ఇంకో తిరకాసు. పబ్లిక్ చేసిన తర్వాత అడగకుండానే ఎవరైనా ఫాలో అవ్వొచ్చు. మళ్ళీ ప్రైవేట్ చేసినా వాళ్ళు అలాగే ఉండిపోతారు, మనమే ఒక్కొక్కళ్ళని తియ్యాలి. అందుకని ఫాలోయర్ల లిస్టు ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

మూడోది మాత్రం డిలీట్‌తో తీరేది కాదు. దీని దగ్గరే మాకు మధ్యాహ్నం అంతా గడిచిపోయింది.

నాకు పెయింటింగ్స్ పేజీ ఒకటి ఉంది, మీలో కొందరు చూసే ఉంటారు. దాని బయోలో ఏం రాశానో తెలుసా? "ఫౌండర్ అండ్ సీఈఓ"! కింద "ఆర్డర్స్ కోసం డీఎం చెయ్యండి." నాకు వర్క్ పర్మిట్ లేదు. హెచ్‌-4 వాళ్ళకి అది రావాలంటే మామూలుగా భర్త గ్రీన్‌కార్డ్ దారిలో ఐ-140 అనే పిటిషన్ అప్రూవ్ అయి ఉండాలి, మాకింకా అంత దూరం రాలేదు. అంటే నా ఫారం "పని చెయ్యడం లేదు" అంటుంటే, నా పేజీ "నేను సీఈఓని" అంటోంది! నిజానికి నేను ఇప్పటిదాకా వేసినవి ఎనిమిది, ఇచ్చినవి మూడు, మూడూ ఫ్రెండ్స్‌కి ఊరికే ఇచ్చినవి. ఆ సీఈఓ బిల్డప్ మాత్రమే. కాబట్టి పేజీ ఉంచాను, పెయింటింగ్స్ ఉంచాను, బయో మాత్రం నిజానికి తగ్గట్టు మార్చాను: "ఖాళీ దొరికినప్పుడు వేసే బొమ్మలు." ఈ ఛానల్‌కి మానిటైజేషన్ ఎందుకు ఆన్ చెయ్యలేదని అడుగుతుంటారు కదా, కారణం ఇదే.

ఒకవేళ నేను నిజంగానే డబ్బు తీసుకుని అమ్మి ఉంటే? అప్పుడు ఆ పోస్టులు తీసేసినంత మాత్రాన జరిగింది జరగనట్టు కాదు. కొన్నవాళ్ళ దగ్గర ఫొటో ఉంటుంది, పేమెంట్ యాప్‌లో లెక్క ఉంటుంది. అలాంటివాళ్ళు ఒక్క పోస్టు కూడా ముట్టుకోకుండా ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. నా వీడియో చూసి నిర్ణయం తీసుకోకండి.

మా ఆయన లింక్డ్‌ఇన్‌లోనూ ఇలాంటిదే. మొదటి ఉద్యోగం 2016 జనవరి నుంచి అని పెట్టుకున్నారు. ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో 2016 జూలై. మధ్యలో ఆరు నెలలు ఏంటంటే, అదే కంపెనీలో ఇంటర్న్‌షిప్, దాన్ని కూడా ఉద్యోగంలో కలిపేసుకున్నారు. అబద్ధం కాదు, అలాగని ఫారంతో సరిపోదు. రెండుగా విడగొట్టి, ఇంటర్న్ వేరే, ఉద్యోగం వేరే రాశారు. ఉద్యోగాలకి అప్లై చేసేవాళ్ళకి కూడా నా ఉద్దేశంలో పాత జోకుల కన్నా ఈ తేదీల తేడానే ప్రమాదం, ఎందుకంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో అడిగేది వీటినే. ఫారం సబ్మిట్ చేశాక అందులోనే దిద్దడం కుదరదు, కొత్తది నింపాలి. కాబట్టి ఈ సరిచూసుకోవడం సబ్మిట్ నొక్కకముందే అయిపోవాలి.

మరి ఏం ఉంచాను? చాలానే ఉంచాను. మొత్తం తుడిచేసిన ప్రొఫైల్ చూస్తే నాకే అనుమానం వస్తుంది, వాళ్ళకి రాదా? ఎన్నికల టైంలో పెట్టిన రెండు పోస్టులు ఉంచాను, ఎవరినీ తిట్టలేదు, అడిగితే అదే మాట చెప్పగలను. పాత కవితలు ఉంచాను, సిగ్గుగా ఉన్నా సరే. ఒక్కటి మాత్రం చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఒక వార్త లింక్ షేర్ చేసి "కరెక్ట్" అని రాశాను. లింక్ తెరిస్తే ఆ పేజీ ఇప్పుడు లేదు. దేన్ని కరెక్ట్ అన్నానో నాకే గుర్తులేదు. అది తీసేశాను.

టైం రాత్రి పదకొండు. నా ట్రాష్‌లో 63 ఉన్నాయి. మా ఆయన ఇంకా 2013లోనే ఉన్నారు, మన పెళ్ళి కాకముందు నువ్వు నా ఫొటో కింద "హ్మ్" అని పెట్టావు, ఇది ఉంచాలా తీసెయ్యాలా అని అడుగుతున్నారు.