రెండు సెకన్లలో పోయిన జవాబు

అందరికీ నమస్కారం. షార్ట్‌కట్ల జాబితా రాసుకుందామని నోట్‌బుక్ తెరిచినవాళ్లు మూసేయొచ్చు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ షార్ట్‌కట్లు ఆన్ చేసి `?` నొక్కితే జాబితా అంతా తెర మీదికే వస్తుంది. నేను మాట్లాడేది ఒకే ఒక్క జవాబు గురించి. అది పంపింది నేనే.

అప్పట్లో కస్టమర్ల మెయిళ్లు చూసే ఉద్యోగం నాది. అకౌంట్ మూసేయమని అడిగేవాళ్లకి ఒక టెంప్లేట్ ఉండేది. "మీరు వెళ్లిపోతున్నందుకు బాధగా ఉంది. కారణం చెబితే సరిదిద్దుకుంటాం. మళ్లీ చేరితే తగ్గింపు ఇస్తాం." సబ్జెక్టులో అకౌంట్ క్లోజ్ అని కనబడితే చాలు, `r` నొక్కడం, టెంప్లేట్ వేయడం, `Ctrl+Enter` కొట్టడం. చేతులు వాటంతట అవే చేసేసేవి. ఒకరోజు ఒకావిడ రాశారు. వాళ్ల నాన్నగారు పోయారన్న సంగతి రెండో పేరాలో ఉంది. నేను అక్కడిదాకా చదవలేదు. ఆవిడ నుంచి తిరిగి ఒకటే వాక్యం వచ్చింది: "మా నాన్న మళ్లీ చేరరండి."

చదవకుండా పంపడం నా తప్పే. కానీ తర్వాత ఆ టెంప్లేట్‌ని ముందు పెట్టుకుని చూస్తే దాన్లోనూ తేడా కనబడింది. రాసేది అకౌంట్ సొంతదారే అని అది ముందే అనుకుంది. మా సర్వీసు నచ్చకే వెళ్తున్నారని కూడా అనుకుంది. ఈ రెండు ఊహలూ పదిసార్లలో తొమ్మిదిసార్లు నిజమే అయ్యుండొచ్చు. పదోసారి నిజం కానప్పుడు మాత్రం జవాబు దెబ్బలా తగులుతుంది.

అందుకని దాన్ని తిరగరాశాను. ఎవరికైనా మారనివి మాత్రమే ఉంచాను: అకౌంట్ మూయడానికి ఏం చేయాలి, ఎన్ని రోజులు పడుతుంది, మిగిలిన డబ్బు ఎలా వెనక్కి వస్తుంది. బాధ, కృతజ్ఞత, తగ్గింపు అన్నీ తీసేశాను. మొదటి లైను మాత్రం ఖాళీగా వదిలి, అక్కడ `***` పెట్టాను. ఆ లైను చేత్తో టైపు చేయాల్సిందే. చేయాలంటే వచ్చిన మెయిల్ చదవక తప్పదు. దీనికి పట్టేది ఇరవై సెకన్లు. పాత పద్ధతిలో రెండు సెకన్లలో అయిపోయేది, నిజమే. కానీ మొత్తం చేత్తో రాస్తే ఐదారు నిమిషాలు పట్టే జవాబు కదా ఇది.

గుర్తుగా చుక్కల గీత పెట్టొద్దు, కంటికి ఆనదు. "పేరు ఇక్కడ" లాంటి మాటలు ఇంకా ప్రమాదం, మామూలు వాక్యంలో కలిసిపోతాయి. "పేరు ఇక్కడ గారికి" అని మెయిల్ అందుకున్నవాళ్లు మీలోనూ ఉండే ఉంటారు. `***` అయితే పేజీలో ముల్లులా కనబడుతుంది. ఇంకో చిన్న అలవాటు ఉంది, అది కొత్త మెయిల్ మొదలుపెట్టినప్పుడు పనికొస్తుంది. అడ్రస్ ఆఖర్న నింపండి. చేయి జారి `Ctrl+Enter` పడినా అడ్రస్ లేని మెయిల్ ఎక్కడికీ పోదు. రిప్లైలో అడ్రస్ ముందే ఉంటుంది కాబట్టి అక్కడ ఆసరా Undo Send ఒక్కటే. జీమెయిల్ అందుకు మామూలుగా ఇచ్చేది 5 సెకన్లు. సెట్టింగ్స్‌లో దాన్ని 30కి పెంచుకోవచ్చు, ఈ పూటే పెంచుకోండి. పోయిన మెయిల్‌ని వెనక్కి లాగుతుందనుకుంటారు గానీ, అది చేసేది అంతసేపు పంపకుండా ఆపడమే. గడువు దాటితే ఇక చేసేదేమీ లేదు.

ఒక్క అక్షరం షార్ట్‌కట్లతో ఇంకో తంటా. కర్సర్ రాసే పెట్టెలో ఉందనుకుని టైపు చేస్తుంటాం, అది బయట ఉంటుంది. అప్పుడు ప్రతి అక్షరమూ ఒక ఆజ్ఞే. `e` పడితే మెయిల్ ఆర్కైవ్‌లోకి, `#` పడితే ట్రాష్‌లోకి. ఇన్‌బాక్స్‌లో ఉన్న మెయిల్ ఉన్నట్టుండి కనబడకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. వెంటనే `z` నొక్కితే ఆఖరి పని వెనక్కి వస్తుంది. ఈలోగా ఇంకో నాలుగు కీలు నొక్కేస్తే ఆర్కైవ్ అయింది All Mailలో, డిలీట్ అయింది Trashలో వెతుక్కోవాలి. Trashలో 30 రోజులే ఉంటుంది.

టెంప్లేట్ పాతబడటం వీటన్నిటికంటే నెమ్మదిగా జరుగుతుంది, అందుకే ఎవరికీ పట్టదు. డబ్బు మూడు రోజుల్లో వస్తుందని అందులో ఉంటుంది. రూలు మారి ఏడు రోజులవుతుంది. చేత్తో రాస్తే ఎవరో ఒకరు ఒకసారి పొరబడతారు. టెంప్లేట్ అయితే రోజుకి నలభై మందికి అదే తప్పు చెబుతుంది, అదీ చాలా నమ్మకంగా. నేను టెంప్లేట్ పేరులోనే చివరిసారి సరిచూసిన నెల పెడతాను. ఒకే జవాబుకి "ఇంకా రాలేదేంటి" అని ముగ్గురు తిరిగి రాస్తే ఆ రోజే తెరిచి చూస్తాను.

క్షమాపణకి మాత్రం ఇప్పటిదాకా టెంప్లేట్ పెట్టుకోలేదు. ఆవిడకి నేను రెండోసారి రాసినవి నాలుగు వాక్యాలు. ఇరవై నిమిషాలు పట్టింది.