వంకలో గోడ, సంచుల లెక్క

సర్పంచ్ గారికి, వాటర్‌షెడ్ కమిటీ అన్నలకు, అక్కలకు నమస్కారం. ఎండ ముదరకముందే అసలు మాటకొస్తాను.

మీ వంకలో కట్టబోయే గోడ 12 మీటర్ల పొడవు, ఎత్తు 1.5 మీటర్లు. పైన 0.6, అడుగున 1.8 మీటర్ల వెడల్పు. నీళ్ల వైపు నిటారుగా, కింది వైపు వాలుగా ఉంటుంది. పై వెడల్పు, అడుగు వెడల్పు కూడి సగం చేస్తే 1.2. ఎత్తుతో గుణిస్తే 1.8 చదరపు మీటర్లు. పొడవుతో గుణిస్తే 21.6 ఘనపు మీటర్ల రాతి కట్టడం. మీ ఒడ్లు నిటారుగా కోశారు కాబట్టి పొడవు అంతటా ఒకటే. పునాది, కింద పరిచే రాళ్లు వేరే లెక్క.

ఇప్పుడు మాలు. గండ్రాళ్ల గోడలో మూడో వంతు మాలే. అంటే ఇక్కడ 7.2 ఘనపు మీటర్లు. తడిపితే కుంగుతుంది కాబట్టి పొడి సరుకు 1.3 రెట్లు, 9.36 కావాలి. ఒకటికి ఐదు పాళ్లలో సిమెంటు ఆరో వంతు, 1.56. ఘనపు మీటరు సిమెంటు 1440 కిలోలు. కాబట్టి 50 కిలోల సంచులు 45. ఇసుక 7.8 ఘనపు మీటర్లు. ఇంత గుర్తుండకపోతే ఒక్కటి పెట్టుకోండి: ఘనపు మీటరు గోడకు రెండు సంచులు.

ఇది నేను కష్టపడి నేర్చుకున్న లెక్క. నా ఉద్యోగం కొత్తలో అనంతపురం జిల్లాలో ఇదే కొలతల గోడ కట్టారు. టేపు పట్టి కొలిచాను, ఎక్కడా అంగుళం తేడా లేదు. కొలతల పుస్తకం ఎం-బుక్కులో రాసి సంతకం పెట్టాను. మొదటి వానకు నిండింది. ఊరంతా చూడ్డానికొచ్చింది. మూడో రోజుకు మడుగు ఖాళీ. కింది వైపు ఒక రాయి పెరికితే లోపల రాళ్లు పొడిగా, చేత్తో కదులుతున్నాయి. ముఖాలకు మాత్రమే మాలు, కడుపంతా ఉత్త రాళ్లు. అడిగితే అక్కడి మేస్త్రి 27 సంచులే వచ్చాయన్నాడు. ఘనపు మీటరుకు ఒకటింపావు! నా టేపు బయటే చూసింది. ఆ ఏడాది అక్కడి బావుల్లో నీళ్లు రాలేదు. ఒక ముసలాయన నన్ను ఒక్క మాటా అనకుండా బావి చూపించి వెళ్లిపోయాడు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అందుకే అక్కా, మీలో ఇద్దరు రోజూ గోడ దగ్గర ఉండాలి. పెద్ద రాళ్ల సందుల్లో ముందు మాలు పోసి, తర్వాత చిన్న రాళ్లు కూరాలి. రాళ్లు ముందు పడేసి పైన మాలు పులమనివ్వకండి. వరస పూర్తై మాలు గట్టిపడ్డాక, మర్నాడు నడుమ ఒక బిందె నీళ్లు పోయండి. నిలిస్తే సరే. గుటుక్కున ఇంకితే కడుపు గుల్ల, ఆ వరస విప్పించండి. పని మొదలైన రోజు నుంచి ఖాళీ సంచులు ఒక్కటీ బయటికి పోనీయకండి. కమిటీ గదిలో పదేసి కట్టలు కట్టి పెట్టండి. నేను కొలతకు వచ్చినప్పుడు టేపు తీసేముందు ఆ కట్టలే లెక్కపెడతాను.