కమీషన్ 271, ప్రకటన 353: ఇంటి వ్యాపారానికి సొంత వెబ్‌సైట్ ఎప్పుడు?

(స్టూడియో చర్చ పాఠం. పాల్గొన్నవారు: నల్గొండలో ఇక్కత్ కుషన్ కవర్లు కుట్టించి అమ్మే వ్యాపారి, మహబూబ్‌నగర్‌కు చెందిన అకౌంటెంట్, చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు తయారుచేసే డిజైనర్.)

వ్యాఖ్యాత: అమ్మా, మీరు బల్ల మీద ఒక నిండు కుషన్, ఒక ఖాళీ కవర్ పెట్టారు. ముందు దీని సంగతి చెప్పండి.

వ్యాపారి: నా మొదటి నష్టం ఇదేనండి. కొయ్యలగూడెం గుడ్డతో కవర్లు కుట్టించి, లోపల దూది నింపి అమ్మాలనుకున్నాను. తూకం వేస్తే ఈ కుషన్ 400 గ్రాములే. కొరియర్ బిల్లులో మాత్రం 4.8 కిలోలు అని వచ్చింది. వాళ్ల కాటా చెడిపోయిందనుకుని ఫోన్‌లో గొడవపడ్డాను కూడా.

డిజైనర్: కాటా తప్పేమీ లేదు. పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుందో దాన్ని కూడా బరువుగా లెక్కిస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. ఈ కుషన్ పెట్టె 40, 40, 15. గుణిస్తే 24,000, భాగిస్తే 4.8. అసలు బరువు, ఈ లెక్క, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు.

వ్యాపారి: ఆ రోజు నుంచి దూది మానేశాను. అయిదు కవర్లు మడిచి పెడితే అరకిలో లోపు వస్తుంది. చాలామంది అమ్మకందారులు ఉండే ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో అమ్మినా, సొంత సైట్‌లో అమ్మినా కొరియర్ లెక్క ఒకటే కదా.

వ్యాఖ్యాత: ఆ అయిదు కవర్ల సెట్ ఎంతకు అమ్ముతున్నారు? చేతికి ఎంత మిగులుతుంది?

వ్యాపారి: ధర 900. గుడ్డ, కుట్టుకూలి, ప్యాకింగ్ కలిపి 440. జీఎస్టీ 43. మార్కెట్‌ప్లేస్ కమీషన్, ఫీజులు, కొరియర్ కలిపి 230, దాని మీద 18 శాతం పన్ను వేసి 271. పోగా 146 మిగిలింది. ఇది నా బిల్లు లెక్క. వస్తువును బట్టి, ధరను బట్టి కమీషన్ మారుతుంది.

అకౌంటెంట్: ఇక్కడ ఒక మాట. ఆ 271లో 41 రూపాయలు పన్ను. మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, తాను కట్టాల్సిన పన్నులో దాన్ని తగ్గించుకోవచ్చు. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి ఆ వీలు లేదు. ఇంకొకటి, మార్కెట్‌ప్లేస్ వాళ్లు అమ్మకం విలువ మీద అర శాతం టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు. 2024 జులై 9 వరకు అది ఒక శాతం. అది పోయిన డబ్బు కాదు. పోర్టల్‌లో ఆమోదం తెలిపి రిటర్న్ వేస్తే నగదు ఖాతాలో జమవుతుంది. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది దాన్ని కమీషన్ అనుకుని వదిలేస్తారు.

వ్యాఖ్యాత: జీఎస్టీ లేకుండా అసలు మొదలుపెట్టలేమా?

అకౌంటెంట్: 2023 అక్టోబర్ 1 నుంచి కొంత వెసులుబాటు ఉంది. టర్నోవర్ పరిమితి దాటనివారు, మన రాష్ట్రంలో ఏడాదికి 20 లక్షలు, ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుని మార్కెట్‌ప్లేస్‌లో అమ్మవచ్చు. కానీ తెలంగాణ లోపలే. రాయచూరుకు ఒక్క సెట్ పంపినా సాధారణంగా రిజిస్ట్రేషన్ కావాలి. సొంత సైట్ ఉంటే ఈ బాధ ఉండదనుకుంటారు, అది పొరపాటు. వేరే రాష్ట్రానికి సరుకు వెళ్తే సైట్ ఎవరిదైనా నియమం వర్తిస్తుంది.

వ్యాఖ్యాత: ఆ 271 ఎందుకు పోగొట్టుకోవాలని సైట్ పెట్టుకున్నారు. అవునా?

వ్యాపారి: అవునండి. 25 వేలు ఇచ్చి చేయించుకున్నాను.

డిజైనర్: నా దగ్గర కాదు. (నవ్వు)

వ్యాపారి: పదిహేను రోజులు ఒక్క ఆర్డర్ రాలేదు. రోడ్డు లేని ఊళ్లో కొట్టు పెట్టినట్టయింది. తర్వాత 6,000 ఖర్చుపెట్టి ప్రకటనలు వేస్తే 22 ఆర్డర్లు వచ్చాయి. అందులో 17 సరుకు అందాక డబ్బిచ్చేవి. ఆ 17లో అయిదుగురు పార్శిల్ తీసుకోలేదు.

డిజైనర్: కొరియర్ వాళ్లు దీన్ని ఆర్‌టీఓ అంటారు. రవాణా శాఖ ఆఫీసు కాదు, బయల్దేరిన చోటికే తిరిగొచ్చిన పార్శిల్ అని. రానుపోను రెండు ఖర్చులూ అమ్మినవారి మీదే పడతాయి.

అకౌంటెంట్: 22లో ఆ అయిదు పోగా నిలిచిన ఆర్డర్లు 17. 6,000ను 17తో భాగిస్తే 353. మార్కెట్‌ప్లేస్‌కు ఇచ్చిన 271లో కొరియర్ కూడా కలిసి ఉంది. ఇక్కడ 353 ప్రకటనకే, కొరియర్ 70, ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే చెల్లింపు గేట్‌వేకు దాదాపు 21 వేరు. అంటే మొదటి నెల ఒక్కో సెట్ మీద చేతి డబ్బే పోయింది. కమీషన్ తప్పించుకున్నాననుకున్నారు, అది ప్రకటన రూపంలో వచ్చి కూర్చుంది.

వ్యాఖ్యాత: మరి సైట్ మూసేయలేదెందుకు?

వ్యాపారి: మూసేద్దామనే అనుకున్నాను. అంతలో ఫోన్లు మొదలయ్యాయి. మార్కెట్‌ప్లేస్‌లో కొన్నవాళ్లు, ఇదే రంగులో ఇంకో సెట్ ఉందా అని. నా నంబర్ వాళ్లకెలా తెలిసిందా అని చూస్తే ప్యాకెట్ మీది లేబుల్.

అకౌంటెంట్: అది చట్టం అడిగే లేబుల్. ప్యాక్ చేసి అమ్మే వస్తువుల మీద తయారీదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, ఫిర్యాదులకు ఫోన్ నంబర్ ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నియమాలు చెబుతున్నాయి. మార్కెట్‌ప్లేస్ కొన్నవారి నంబర్ మనకివ్వదు. ‘మా సైట్‌కు రండి’ అని కాగితం పెడితే వారి నిబంధనలకు విరుద్ధం, ఖాతా నిలిపేయవచ్చు. లేబుల్ మాత్రం ఉండి తీరాలి.

వ్యాపారి: నేను మొదట్లో చిన్న స్టిక్కర్ అంటించేదాన్ని, చింపి పారేసేవారు. ఇప్పుడు మా పేరు నేయించిన పట్టీని కవర్ లోపలి కుట్టులో కలిపి కుట్టిస్తున్నాను. ఉతికినా పోదు.

డిజైనర్: అలా వెతుక్కుంటూ వచ్చినవారికి సైట్ పనికొస్తుంది. వాళ్ల కోసం ప్రకటన ఖర్చు లేదు. 900లో జీఎస్టీ, గేట్‌వే, కొరియర్, తయారీ పోగా 326 మిగులుతుంది.

వ్యాఖ్యాత: మార్కెట్‌ప్లేస్‌లో వాపసుల గొడవ వింటుంటాం.

వ్యాపారి: నూటికి తొమ్మిది వచ్చేవి. ఒక్కటి వాపసు వస్తే ఇంకో సెట్ లాభాన్ని మింగేస్తుంది. కారణం చూస్తే అన్నింటికీ ఒకటే, ‘రంగు అలుక్కుపోయింది, లోపం ఉంది’. (కవర్ దగ్గరగా పట్టుకుని) ఈ అంచు చూడండి, ఎరుపు నలుపులోకి కాస్త పాకింది. నేయకముందే నూలు కట్టి రంగులో ముంచుతారు కాబట్టి గీత కత్తిరించినట్టు రాదు. ఇక్కత్ అందం అదే. కొన్నవారికి తెలియదు, అచ్చు చెదిరిందనుకుంటారు.

వ్యాఖ్యాత: ఏం చేశారు?

వ్యాపారి: రెండో ఫొటోగా గుడ్డను తిరగేసి తీసి పెట్టాను. చాలా అచ్చు గుడ్డల్లో వెనకవైపు వెలిసినట్టుంటుంది, ఇందులో రెండు వైపులా ఒకే రంగు, ఒకే బొమ్మ. అంచు పాకడం సహజమని కింద ఒక్క వాక్యం రాశాను. వాపసులు నాలుగుకు దిగాయి.

వ్యాఖ్యాత: పార్శిల్ తీసుకోనివారి సంగతి?

వ్యాపారి: సైట్‌లో ఇప్పుడు నూరు రూపాయల అడ్వాన్స్ ముందే అడుగుతున్నాను. ఆర్డర్లు తగ్గాయి. కానీ పంపినవి వెనక్కి రావడం దాదాపు ఆగింది. దేవరకొండ వైపు తండాలకైతే చిరునామా ఒకసారి ఫోన్ చేసి అడిగాకే కడతాను.

వ్యాఖ్యాత: బతుకమ్మకు ఇంట్లోకి ఒక సెట్ కావాలనిపిస్తోంది. ఇక్కడే తీసుకోవచ్చా?

వ్యాపారి: తప్పకుండా. అడ్వాన్స్ నూరు రూపాయలు ఇటివ్వండి.