క్లాంప్ తగిలించాక కూడా మిగిలే ఛార్జ్

అందరికీ నమస్కారం. ఈ సభలో విశాఖ గాంట్రీల మీద ట్యాంకర్లు నింపేవాళ్లున్నారు, పరవాడ ఫార్మా సిటీలో రియాక్టర్ల దగ్గర పనిచేసేవాళ్లూ ఉన్నారు. అందరికీ ఒకటే ప్రశ్న. ఎర్తింగ్ క్లాంప్ తగిలించాక కూడా నిప్పు పుడుతుందా? పుడుతుంది. ఎలాగో తెలియాలంటే ముందు ఆ వైరు ఏం చేస్తుందో చూడాలి.

డీజిల్ పైపులో పారేటప్పుడు, మరీ ముఖ్యంగా ఫిల్టర్ సందుల్లోంచి దూరేటప్పుడు, ఛార్జ్ మోసుకొస్తుంది. అది ఒక మైక్రో ఆంపియర్ అనుకుందాం. చాలా చిన్న కరెంటు. కానీ ట్యాంకర్ నిలబడింది రబ్బరు టైర్ల మీద. పొడి నేల మీద ఆ దారి నిరోధం పదివేల మెగా ఓములు ఉందనుకోండి. రెండింటినీ హెచ్చవేస్తే 10,000 వోల్టులు. ట్యాంకర్ కెపాసిటెన్స్ వెయ్యి పికోఫారడ్లని తీసుకుంటే అందులో నిల్వ ఉన్న శక్తి 50 మిల్లీ జౌల్స్. పెట్రోలు ఆవిరి గాలిలో తగు పాళ్లలో కలిసి ఉంటే అంటుకోవడానికి పావు మిల్లీ జౌల్ చాలు. అంటే అవసరమైనదానికి 200 రెట్లు. ఆ స్పార్క్ దూకేది లోడింగ్ ఆర్మ్‌కీ మ్యాన్‌హోల్ అంచుకీ మధ్య, సరిగ్గా ఆవిరి బయటికి వచ్చే చోట.

వైరు తగిలించగానే ఈ లెక్క మారిపోతుంది. దారిలో ఒక మెగా ఓము ఉన్నా వోల్టేజీ ఒక వోల్టు దాటదు. మరి మీటరు 10 ఓములు దాటితే ఎందుకు ఒప్పుకోం? రాగి వైరు, శుభ్రమైన క్లాంప్ ఉన్న దారికి అంత నిరోధం రాకూడదు. వచ్చిందంటే ఎక్కడో తుప్పో, వదులైన బోల్టో ఉన్నట్టే. ఇవాళ 50 చూపించింది రేపు పూర్తిగా తెగిపోవచ్చు. మన ఉప్పుగాలికి క్లాంప్ పళ్లు త్వరగా తుప్పు పడతాయి. వాటిని పెయింటు మీద తగిలిస్తే కరిచినట్టు కనిపిస్తుందే గాని లోహాన్ని తాకదు. నేలకు వేలాడే గొలుసును నమ్ముకోవద్దు. మూత తెరవకముందే క్లాంప్ పెట్టాలి, మూత మూశాకే తీయాలి. మధ్యలో తీస్తే ఆవిరి ఉన్న చోటే స్పార్క్‌ను పిలిచినట్టు.

ఇంతవరకు లోహం సంగతి. లోపలి నూనె సంగతి వేరు.

నిన్న పెట్రోలు తెచ్చిన కంపార్ట్‌మెంట్‌లో ఇవాళ డీజిల్ నింపుతున్నారనుకోండి. పెట్రోలు ఉన్నప్పుడు లోపల ఆవిరి మరీ చిక్కగా ఉండి అంటుకోదు. డీజిల్ దిగుతున్న కొద్దీ ఆ ఆవిరిని పీల్చుకుంటుంది, గాలి చేరుతుంది, ఆవిరి పలచబడి అంటుకునే పాళ్లలోకి, అంటే సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్యకు వస్తుంది. డీజిల్ ఏమో కరెంటును సరిగా పోనివ్వదు. వాహకత మీటరుకు ఒక పికోసీమెన్స్ ఉంటే, ఛార్జ్ దాదాపు మూడో వంతుకు తగ్గడానికే 18 సెకన్లు పడుతుంది. గోడకు వైరు ఉన్నా నూనె ఉపరితలం మీది ఛార్జ్ గోడదాకా నడిచి రావాలి. బయట ఎంత తేమ ఉన్నా నూనెలోకి దిగదు కాబట్టి, సముద్రపు ఊరు కదా అని ధీమా పడటానికి లేదు.

అందుకే ఆర్మ్ గొట్టం అడుగుదాకా దించి, దాని మూతి మునిగేదాకా సెకనుకు ఒక మీటరు వేగం మించనివ్వకూడదు. 4 అంగుళాల గొట్టంలో అది నిమిషానికి సుమారు 470 లీటర్లు. మునిగాక కూడా ఆ గొట్టానికి సెకనుకు 5 మీటర్ల లోపే. ఫిల్టర్ దాటాక నూనె పైపులో కనీసం 30 సెకన్లు ప్రయాణించేలా ఉండాలి. నిండాక డిప్ రాడ్ దించే ముందు కనీసం ఒక నిమిషం ఆగాలి. 18 సెకన్ల లెక్కన నిమిషంలో ఛార్జ్ ఐదు శాతం కన్నా తక్కువకు పడిపోతుంది. ఎవరిదో పట్టుతప్పి చిన్న లోహపు డబ్బా లోపల పడితే లోడింగ్ ఆపేయండి. అది తేలుతూ ఛార్జ్ పోగేసుకుని గొట్టానికి దగ్గరైన క్షణాన ఒక్కసారిగా వదిలేస్తుంది.

పొడి దగ్గరా ఇదే చిక్కు, ఇంకాస్త మొండిగా. టోల్యూన్ ఉన్న రియాక్టర్‌లోకి పాలిథిన్ లైనర్ సంచి నుంచి పొడి కుమ్మరిస్తే, జారే పొడితో పాటు ఖాళీ అయిన లైనర్ కూడా ఛార్జ్ అవుతుంది. రియాక్టర్‌కు ఎర్తింగ్ ఉంది, మనిషికి యాంటీ స్టాటిక్ బూట్లున్నాయి. లైనర్‌కు మాత్రం ఏ వైరూ పనిచేయదు, ప్లాస్టిక్‌లో ఛార్జ్ కదలదు కాబట్టి. దానిమీంచి లేచే స్పార్క్ చాలా పొడులను అంటించలేకపోయినా, పావు మిల్లీ జౌల్‌కే లొంగే టోల్యూన్ ఆవిరిని అంటించగలదు. టోల్యూన్ ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీలు; మన ఊళ్లో ఏ నెలలోనైనా ఆవిరి సిద్ధంగా ఉంటుంది. ప్రక్రియ ఒప్పుకుంటే పొడిని ముందు వేసి, మ్యాన్‌హోల్ మూసి, నైట్రోజన్ నింపి, లోపలి ఆక్సిజన్ తగ్గిందని మీటర్‌లో చూశాకే సాల్వెంట్‌ను డిప్ పైపు ద్వారా నెమ్మదిగా దించండి. ఒప్పుకోకపోతే నైట్రోజన్ కింద మూసిన దారిలోనే పొడిని ఎక్కించాలి. తెరిచిన మ్యాన్‌హోల్ నుంచి కాదు.