న్యుమోనియా పేషెంట్ డిశ్చార్జ్ అయినంక ఊరి డాక్టర్‌కి రాసే లెటర్

అందరికీ నమస్తే. పల్లె దవాఖానలల్ల, పీహెచ్‌సీలల్ల పనిచేసే మీరందరు ఇక్కడ కూసున్నరు కాబట్టి ఈరోజు ఒక్క లెటర్ గురించే మాట్లాడత, పెద్ద లెక్చర్ ఏం లేదు. పేషెంట్‌ది దేవరకొండ దిక్కు ఊరు, 56 ఏండ్లు, తాళ్లెక్కే గీత కార్మికుడు, చిన్నప్పటి సంది బీడీలు, షుగర్ ఉంది. ఐదు రోజుల జ్వరం, దగ్గు, శ్వాస తీస్తే కుడి పక్కన పొడిసినట్టు నొప్పితోని వచ్చిండు. ఆక్సిజన్ 88, నిమిషానికి శ్వాస 32, ఎక్స్‌రేల కుడి ఊపిరితిత్తి కింది భాగం మొత్తం తెల్లగ ఉంది.

మేం సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ పెట్టినం. మూడో రోజుకు జ్వరం దిగింది, నాలుగో రోజు గోలీలకు మార్చినం, ఐదో రోజు ఇంటికి పంపినం. పోయేటప్పుడు ఆక్సిజన్ 95, వార్డుల నడిపిస్తే 93. ఈ నడిపించిన నంబర్ లెటర్‌ల తప్పకుండ రాస్త, ఎందుకంటే రేపు మీ దగ్గరికి వచ్చినప్పుడు పోల్చుకోనికె మీకు అదే ఆధారం.

మందుల దగ్గర ఏం రాసిన్నంటే, అమాక్సిక్లావ్ 625 రోజుకు మూడు సార్లు, ఇంకో 2 రోజులు, అంటే 6 గోలీలు, ఆ తర్వాత బంద్. అజిత్రోమైసిన్ అయిపోయింది, మళ్ల ఇయ్యొద్దు. ఇన్సులిన్ ఆస్పత్రి వరకే, ఇప్పుడు పాత మెట్‌ఫార్మిన్ నడవాలె, వారం తర్వాత పరగడుపున షుగర్ చూడాలె. మాలాంటోళ్లం రాసే చాలా డిశ్చార్జ్ కాగితాలల్ల మందు పేరుంటది గాని ఎప్పుడు ఆపాలెనో ఉండదు, ఇంట్లోళ్లేమో మెడికల్ షాపుల అదే చీటీ చూపించి నెల దాకా కొంటనే ఉంటరు.

ఇంక అసలు ముచ్చట. లెటర్‌ల కింద గీత గీసి రాసిన లైను ఇది: దగ్గు తగ్గలేదని లెవోఫ్లాక్సాసిన్ మొదలు పెట్టొద్దు. ఎందుకంటే ఆ మందు టీబీ క్రిమి మీద కూడ కొంత పనిచేస్తది. మన దగ్గర టీబీ తక్కువ లేదు కదా, షుగర్ ఉన్నోళ్లకు ఇంకా ఎక్కువ. ఒకవేళ అది టీబీనే అయితే జ్వరం నాలుగు రోజులు తగ్గుతది, అందరం బాగైందనుకుంటం, తర్వాత మళ్ల ముదురుతది, పైగా ఆ మందుకు క్రిమి మొండికేస్తది. ఈయనకు మొదటి రోజే కళ్లె సీబీనాట్‌కి పంపినం, టీబీ లేదని వచ్చింది. అయినా ఇంకో రెండు వారాలకు దగ్గు అట్లనే ఉన్నా, బరువు తగ్గుతున్నా మళ్ల కళ్లె పంపాలె, అందుకే డిశ్చార్జ్ రోజు బరువు 52 కిలోలని రాసిన. డెక్సా ఇంజెక్షన్ గురించి కూడ ఒక మాట. అది వేస్తే జ్వరం, నొప్పి దిగి పేషెంట్ ఖుషీ అయితడు, కానీ లోపల ఏం జరుగుతుందో మనకు తెల్వకుండ పోతది, ఈయనకైతే షుగర్ కూడ పైకి పోతది.

ఇంటికి పోయినంక మూడో రోజు మీరు చూడాలె అని రాసిన. కాసేపు కూసోబెట్టి వేలికి ఆక్సిజన్ చూడండి, శ్వాస నిమిషం నిండా లెక్కపెట్టండి, 15 సెకండ్లు చూసి నాలుగుతోని గుణించుడు వద్దు. ఆక్సిజన్ 92 కంటే తక్కువున్నా, శ్వాస 30కి పోయినా అదే రోజు పంపండి. దిగిన జ్వరం మళ్ల వస్తే కుడి పక్క వీపు మీద వేలితో కొట్టి చూడండి, మొద్దు సప్పుడు వచ్చి, అక్కడ స్టెత్‌కు శ్వాస వినపడకపోతే ఊపిరితిత్తి చుట్టు నీళ్లు గాని చీము గాని పట్టినట్టు అనుమానం, యాంటీబయాటిక్ మార్చుకుంట కూసోకుండ పంపండి, అది సూదితో తీసి చూస్తే గాని తేలదు.

ఎక్స్‌రే మాత్రం తొందరపడి తియ్యొద్దు. మనిషి బాగైనా ఫిల్మ్‌ల తెలుపు వారాల దాకా ఉంటది, పది రోజులకే తీస్తే ఇంట్లోళ్లు భయపడి ఇంకో ఆస్పత్రికి ఉరుకుతరు. 6 వారాలకు తీద్దాం, ఆయన మంచిగున్నా సరే, ఎందుకంటే 50 దాటిన బీడీ మనిషికి శ్వాసగొట్టంల గడ్డ అడ్డం ఉంటే దాని వెనకాలనే న్యుమోనియా వస్తది, ఆ తెలుపు పోకుంటేనో, అదే జాగల మళ్ల వస్తేనో సీటీ, బ్రాంకోస్కోపీ చెయ్యాల్సొస్తది. వచ్చేటప్పుడు పాత ఫిల్మ్ తేవాలె, ఫోన్ల ఫోటో పనికిరాదు.

ఆయన పోయేటప్పుడు అడిగింది ఒక్కటే, చెట్టు ఎప్పుడెక్కాలె సారూ అని. నీరసం మూడు నెలల దాకా ఉండొచ్చు, ఆయాసంతోని మోకు మీద ఉండుడు డేంజర్, అందుకని 6 వారాల ఎక్స్‌రే చూసి, నడిపించి ఆక్సిజన్ చూసినంకనే ఎక్కనిస్త అని చెప్పిన, లెటర్‌ల కూడ అదే రాసిన, అంతకు ముందే అడిగితే మీరు ఒప్పుకోకండి.