రెండు పంపులు, ఒకే పైపు: నీరు రెట్టింపు ఎందుకు కాదు?

సభకు నమస్కారం. హైదరాబాదులో ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకు నీళ్లు చాలనప్పుడు, ఉన్న పంపు పక్కనే అలాంటిదే మరొకటి బిగిస్తే ట్యాంకు సగం సమయంలో నిండుతుందని చాలామంది అనుకుంటారు. ఆ ఆశ ఎక్కడ తప్పుతుందో ఒక లెక్కతో చూద్దాం.

సంపులోని నీటిమట్టం నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎత్తు 20 మీటర్లు అనుకుందాం. ప్రవాహం Q ను గంటకు వేల లీటర్లలో కొలిస్తే, పంపు ఇచ్చే హెడ్, అంటే నీటిని అది ఎన్ని మీటర్ల ఎత్తుకు నెట్టగలదో ఆ కొలత, `H = 40 − 0.1Q²`, ఒకటిన్నర అంగుళాల పైపు అడిగే హెడ్ `H = 20 + 0.1Q²`. ఈ రెండు రేఖలు కలిసే చోటే పంపు పనిచేస్తుంది. ఇక్కడ అది 30 మీటర్ల హెడ్, గంటకు 10,000 లీటర్లు.

పంపులను ప్యారలల్‌లో, పక్కపక్కన పెట్టి రెండింటి డెలివరీనీ ఒకే పైపులోకి కలిపితే, ఒకే హెడ్ దగ్గర రెండింటి ప్రవాహాలను కూడాలి. అలా గీసిన ఉమ్మడి రేఖ కుడివైపుకు సాగుతుంది గానీ, పైపు రేఖ మారదు. నీరు పెరిగిన కొద్దీ ఘర్షణ దాని వర్గంతో పెరుగుతుంది కనుక, కొత్త బిందువు 36 మీటర్ల దగ్గర, 12,650 లీటర్ల వద్దే ఆగిపోతుంది. అంటే ఒక్కో పంపు ఇచ్చేది 6,300 లీటర్లు మాత్రమే. అవే పంపులను సిరీస్‌లో, ఒకదాని డెలివరీని రెండోదాని సక్షన్‌కు కలిపితే, అదే ప్రవాహం దగ్గర హెడ్‌లు కూడుకుని 14,100 లీటర్లు వస్తాయి. ఇరుకు పైపుకు సిరీసే మేలన్నమాట. అయితే వాల్వు మూసుకుపోతే రెండో పంపు కేసింగు మీద 80 మీటర్ల హెడ్, అంటే సుమారు 8 బార్ల ఒత్తిడి పడుతుంది. దాని సీలు అంత తట్టుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి.

పైపును రెండున్నర అంగుళాలకు మారిస్తే ఘర్షణ దాదాపు పదో వంతుకు తగ్గి, తీర్పు తిరగబడుతుంది. ఒక్క పంపే 13,500 లీటర్లు ఇస్తుంది. సిరీస్‌లో 16,900, ప్యారలల్‌లో 23,900 వస్తాయి. నా దృష్టిలో ఖర్చు పెట్టాల్సింది ముందు పైపు మీదే.

ఇరుకు పైపు మీద ప్యారలల్‌లో ఇంకో చిక్కుంది. ఒక్క పంపే నీరు పంపుతున్నా పైపులో హెడ్ 30 మీటర్లు ఉంటుంది. అరిగిపోయిన పంపు నీరు కదలనప్పుడు ఇచ్చే హెడ్ 40 నుంచి 30 కంటే దిగువకు జారితే, నీరు వెనక్కి రాకుండా ఆపే దాని నాన్ రిటర్న్ వాల్వును రెండో పంపు ఒత్తిడే మూసేస్తుంది. అది తిరుగుతూనే ఉంటుంది గానీ చుక్క నీరు పంపదు. లోపలి నీటినే చిలుకుతూ కేసింగు వేడెక్కుతుంది, అమ్మీటరు తక్కువ చూపిస్తుంది. అనుమానం వస్తే దాన్ని ఆపి, ట్యాంకులో పడే ధార తగ్గిందో లేదో గమనించండి. తగ్గకపోతే అంతవరకూ నీరు పంపుతున్నది రెండోది ఒక్కటే.